పన్నెండు వేలు సరే, ఎన్నింటిలో?

మా మేనల్లుడికి రెండు ఉద్యోగాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి చెన్నైలో పేరున్న కంపెనీ, ఏడాదికి 18 లక్షలు. రెండోది రొయ్యల గుంటల్లో నీటి నాణ్యతను కొలిచే పరికరాలు తయారు చేసే స్టార్టప్, ఏడాదికి 13 లక్షలు, దానితోపాటు 12,000 స్టాక్ ఆప్షన్లు, అంటే ముందే రాసుకున్న ధరకు కంపెనీ షేర్లు తీసుకునే హక్కులు. ఆఫర్ లేఖలో ఆప్షన్ల కింద లావు అక్షరాలతో ‘ప్రస్తుత విలువ రూ.24 లక్షలు’ అని అచ్చు వేశారు. నాలుగేళ్లలో జీతం తేడా 20 లక్షలు, ఆప్షన్లు 24 లక్షలు, అంటే నాలుగు లక్షలు లాభమేనని అతను లెక్క కట్టుకుని, ఒక ఆదివారం పొద్దున్నే కావలి నుంచి నెల్లూరులో మా ఇంటికి వచ్చాడు. సలహా అడుగుతున్నానన్నాడు కానీ, ముఖం చూస్తే నా చేత ‘సరే’ అనిపించుకోవడానికి వచ్చినట్టే ఉంది.

వెంట మా బావ కూడా వచ్చాడు. బావ అల్లూరు వైపు ఇరవై ఏళ్లుగా రొయ్యలు పెంచుతున్నాడు. స్టాక్ ఆప్షన్ అనే మాట ఆ రోజే మొదటిసారి విన్నాడు. కొడుకు చెప్పిందంతా విని, కాఫీ గ్లాసు కింద పెట్టి ఒకే ఒక్క మాట అడిగాడు.

“పన్నెండు వేలు సరే, మొత్తం ఎన్ని?”

మేనల్లుడి దగ్గర జవాబు లేదు. లేఖలోనూ లేదు. ఇంజనీరింగ్ చదివి, ఇంటర్వ్యూల్లో నెగ్గి, రెండు ఆఫర్లు చేతిలో పట్టుకున్న కుర్రాడికి తట్టని ప్రశ్న బావకు అర నిమిషంలో తట్టింది. దానికి కారణం ఉంది. బావ గుంట నలుగురి ఉమ్మడి. వాళ్లు ఇప్పటికీ వాటాలను అణాల్లోనే చెప్పుకుంటారు. ‘ఆయనది రూపాయిలో ఆరణాలు, నాది ఐదు’ అంటారు. 1957లో దశాంశ నాణేలు వచ్చాక అణా సంతలోంచి పోయింది కానీ, వాటాల లెక్కలోంచి పోలేదు. రూపాయి మాట లేకుండా వాళ్ల దగ్గర ‘నాకు ఐదణాలు’ అంటే అది మాటే కాదు. ‘నీకు పన్నెండు వేల ఆప్షన్లు’ అన్న మాట కూడా అటువంటి సగం మాటే. కంపెనీలో మొత్తం 12 లక్షల షేర్లుంటే అది ఒక శాతం. 12 కోట్ల షేర్లుంటే శాతంలో వందో వంతు. షేర్ల సంఖ్యను ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు, ఒక తీర్మానంతో ఒక షేరును పది చేయనూ వచ్చు. అందుకే పెద్ద అంకె వేసి సంతోషపెట్టడం కంపెనీకి ఖర్చు లేని పని.

మరునాడు మేనల్లుడు కంపెనీకి రాసి అడిగాడు. ‘మీ వాటా 0.24 శాతం’ అని మానవ వనరుల విభాగం నుంచి జవాబు వచ్చింది. పావు శాతం దగ్గర కదా అని సంబరపడ్డాడు. నేను ఇంకోసారి రాయమన్నాను. ఈసారి మాటలు జాగ్రత్తగా వేయించాను: ‘ఫుల్లీ డైల్యూటెడ్ లెక్కన మొత్తం షేర్లు ఎన్ని?’ అంటే, ఇప్పటికే జారీ అయిన మామూలు షేర్లు, పెట్టుబడిదారుల ప్రిఫరెన్స్ షేర్లు మామూలు షేర్లుగా మారితే వచ్చేవి, తర్వాత షేర్లుగా మారే అప్పు పత్రాలు, అంటే కన్వర్టిబుల్ నోట్లుంటే అవి మారితే వచ్చేవి, ఉద్యోగుల కోసం పక్కన పెట్టిన ఆప్షన్ల పూల్ మొత్తం అన్నీ కలిపి. పూల్‌లో ఇంకా ఎవరికీ ఇవ్వనివి కూడా కలపాలి, ఎందుకంటే అవి ఎవరో ఒకరికి పోయేవే. ఈసారి జవాబు రావడానికి నాలుగు రోజులు పట్టింది. జారీ అయినవి 50 లక్షలు, పూల్ 10 లక్షలు, మొత్తం 60 లక్షలు. అంటే మొదటి జవాబులో పూల్‌ను వదిలేసి భాగించారన్నమాట. మోసమని అనను. కానీ తేడా ఎప్పుడూ ఒకే వైపుకు ఎందుకు పడుతుందో ఆలోచించాలి. అసలు వాటా 0.20 శాతం.

కంపెనీ జవాబు ఇవ్వకపోతే కొంతవరకు మనమే తెలుసుకోవచ్చు. మన దేశంలో ప్రైవేటు కంపెనీ కొత్త షేర్లు కేటాయించిన ప్రతిసారీ కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు PAS-3 అనే పత్రం దాఖలు చేయాలి. ఎన్ని షేర్లు, ఎంత ధరకు ఇచ్చారో అందులో ఉంటుంది. ఏటా దాఖలు చేసే MGT-7లో వాటాల కూర్పు ఉంటుంది. మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో చిన్న రుసుము కట్టి ఎవరైనా వీటిని తెరిచి చూడవచ్చు. నేను చూశాను. పెట్టుబడి విడతను రౌండు అంటారు. చివరి రౌండులో షేరు రూ.200 చొప్పున 24 కోట్లు, అంతకు ముందు సీడ్ అనే తొలి రౌండులో 6 కోట్లు తెచ్చుకున్నారు. ఇవ్వని ఆప్షన్ల సంగతి మాత్రం అక్కడ సరిగ్గా తేలదు. అది కంపెనీయే చెప్పాలి.

ఇప్పుడు రూ.200 చొప్పున 60 లక్షల షేర్లంటే 120 కోట్లు. అందులో 0.20 శాతం 24 లక్షలు. లేఖలో వేసిన అంకె కూడా అదే. కాబట్టి గుణకారం తప్పు కాదు. తప్పు మరో చోట ఉంది. ఆ 200 రూపాయలు పెట్టుబడిదారుడు తన షేరుకు ఇచ్చిన ధర. మేనల్లుడికి ఇస్తామంటున్నది ఆ షేరు కాదు. దాని సంగతికి వచ్చే ముందు వాటా పలచబడటం గురించి చెప్పాలి, ఎందుకంటే అతను అప్పటికే ఎక్కడో చదివి దాని గురించే భయపడుతున్నాడు.

డైల్యూషన్‌కు ‘పలచబడటం’ కంటే మంచి మాట నాకు దొరకలేదు. మజ్జిగలో నీళ్లు పోసినట్టు, కొత్త పెట్టుబడి వచ్చినప్పుడల్లా కొత్త షేర్లు పుడతాయి. నీ పన్నెండు వేలు పన్నెండు వేలుగానే ఉంటాయి, మొత్తం పెరుగుతుంది. సాధారణంగా ఒక్కో రౌండులో పెట్టుబడిదారులు పదిహేను నుంచి పాతిక శాతం తీసుకుంటారు, కంపెనీ ముదిరేకొద్దీ ఇది తగ్గుతుంది. దానికి తోడు, ప్రతి రౌండుకు ముందు ఉద్యోగుల పూల్‌ను మళ్లీ నింపమని కొత్తగా వచ్చేవాళ్లు పట్టుబడతారు. ఆ భారం కొత్తవాళ్ల మీద పడకుండా పాతవాళ్లే మోస్తారు. చాలామంది ఈ రెండో ముక్కను మరిచిపోతారు.

మేనల్లుడి కంపెనీ బాగానే నడిచి ఇంకా మూడు రౌండ్లు తెచ్చుకుందని అనుకుందాం. మొదటిదానిలో పెట్టుబడిదారుకు 20 శాతం, పూల్‌కు 4. రెండోదానిలో 15, 3. మూడోదానిలో 12, 3. అతను 24, 18, 15 కలిపి 57 శాతం పోయిందన్నాడు. అలా కలపకూడదు. ప్రతిసారీ పలచబడేది మిగిలినదే కాబట్టి గుణించాలి:

```
0.20% × 0.76 × 0.82 × 0.85 = 0.106%
```

అంటే దాదాపు సగం మిగిలింది. “సగం పోయిందా మామయ్యా!” అన్నాడు నీరసంగా. ఇక్కడే నేను చాలామందితో విభేదిస్తాను. డైల్యూషన్‌ను దొంగలా చూపించే రాతలు ఎన్నో ఉన్నాయి. నా లెక్కలో అది దొంగ కాదు. తర్వాతి రౌండు 300 కోట్ల విలువకు జరిగిందనుకుంటే, వాటా 0.20 నుంచి 0.152 శాతానికి తగ్గుతుంది కానీ, దాని కాగితం విలువ 24 లక్షల నుంచి 45 లక్షలు దాటుతుంది. ఆ పైన 800 కోట్లకు రౌండు జరిగితే కోటి దగ్గరికి, 1,500 కోట్లకు జరిగితే కోటీ 59 లక్షలకు చేరుతుంది. షేరు ధర పెరుగుతున్నంత కాలం పలచబడటం వల్ల నష్టం లేదు. కంపెనీ చతికిలబడి, వెనకటి కంటే తక్కువ ధరకు డబ్బు తెచ్చుకోవలసి వచ్చినప్పుడే అది కరుస్తుంది. అప్పుడు పాత పెట్టుబడిదారులకు రక్షణగా రాసుకున్న షరతులు లేచి, వాళ్ల ప్రిఫరెన్స్ షేర్లు ఎక్కువ మామూలు షేర్లుగా మారతాయి. ఆ లోటును భరించేది వ్యవస్థాపకులూ ఉద్యోగులూ. మామూలు రోజుల్లో పలచబడటాన్ని లెక్కలోకి తీసుకోవాలి, అంతే. భయపడవలసింది వేరే ఉంది.

అది బావకు చెబితే వెంటనే అందుకున్నాడు. రొయ్యల పంటకు మేత అప్పుగా వస్తుంది. పట్టుబడి రోజున లారీ ఎక్కిన సరుకు డబ్బులోంచి ముందు మేత డీలరు తన బాకీ తీసుకుంటాడు. తర్వాత మిగిలింది అణాల లెక్కన పంచుకుంటారు. నలభై లక్షల పంట అని ఊరంతా చెప్పుకుంటుంది. డీలరుకు ముప్పై అయిదు పోతే, ఆ అయిదులోనే నలుగురి వాటాలూ.

స్టార్టప్‌లో పెట్టుబడిదారుడిది దాదాపు ఇదే స్థానం. అతని ప్రిఫరెన్స్ షేరుకు లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అనే హక్కు ఉంటుంది. కంపెనీని అమ్మినప్పుడు ముందు తాను పెట్టినంత వెనక్కి తీసుకుంటాడు. అయితే డీలరుకు లేని ఇంకో దారి ఇతనికి ఉంది. వాటా ప్రకారం తీసుకుంటే ఎక్కువ వస్తుందనిపిస్తే, ప్రిఫరెన్స్‌ను వదిలి మామూలు షేర్లుగా మార్చుకుంటాడు. రెంటిలో ఏది పెద్దదైతే అది. కొన్ని ఒప్పందాల్లో పెట్టింది ముందు తీసుకుని, మిగిలినదానిలో మళ్లీ వాటా కూడా తీసుకుంటారు. అవి ఇంకా కఠినం. ఇక్కడ మెతకగా ఉండే రకాన్నే తీసుకుంటాను.

పైన చెప్పిన మూడు రౌండ్లలో 300 కోట్లలో 20 శాతం, 800లో 15, 1,500లో 12 లెక్కన వరసగా 60, 120, 180 కోట్లు వచ్చాయి. పాత 30 కోట్లతో కలిపి మొత్తం 390 కోట్లు. ఆ తర్వాత మార్కెట్టు చల్లబడి, కంపెనీని 500 కోట్లకు ఎవరికో అమ్మారనుకుందాం. పత్రికల్లో ‘నెల్లూరు స్టార్టప్‌కు 500 కోట్లు’ అని వస్తుంది. కావలిలో బంధువులు మా అక్కకు ఫోన్లు చేస్తారు. 0.106 శాతం లెక్కన 53 లక్షలు రావాలి. నిజానికి చివరి పెట్టుబడిదారుడి 12 శాతానికి వచ్చేది 60 కోట్లే, కానీ అతను పెట్టింది 180. కాబట్టి 180 తీసుకుంటాడు. అతని ముందువాడు 120, ఆ ముందువాడు 60 తీసుకుంటారు. 360 కోట్లు అక్కడికే అయిపోయాయి. మిగిలిన 140 కోట్లను మిగతావాళ్లు పంచుకోవాలి. పాత 30 కోట్లు పెట్టిన మొదటి ఇద్దరు పెట్టుబడిదారులు మామూలు షేర్లుగా మార్చుకుని ఈ వరసలోకే వస్తారు. వాళ్లతో కలిపి ఇక్కడున్న షేర్లు కంపెనీలో 61.3 శాతం. ఆ 61.3లో 0.106 ఉన్నవాడికి 140 కోట్లలో వచ్చేది 24 లక్షలు.

లేఖలో లావు అక్షరాలతో ఉన్న అంకె సరిగ్గా ఇదే. కంపెనీ ఏడెనిమిదేళ్లు పెరిగి, నాలుగు రెట్లు ఎక్కువ ధరకు అమ్ముడుపోయాక చేతికి వచ్చేది ‘ప్రస్తుత విలువ’ దగ్గరే ఆగింది. అదే కంపెనీ 400 కోట్లకు పోతే? 390 ముందే పోతుంది. మేనల్లుడికి దక్కేది రెండు మూడు లక్షలు. అందుకే నేను ఎవరి ఆఫర్ చూసినా, వాటా శాతం తర్వాత అడిగే రెండో ప్రశ్న ‘ఇప్పటికి మొత్తం ఎంత పెట్టుబడి తెచ్చారు?’ అని. ఆ మొత్తం కంపెనీ అమ్ముడుపోయే ధరకు ఎంత దగ్గరగా ఉంటే మన వాటా అంత ఉత్తది. భారీగా నిధులు తెచ్చామని కంపెనీ గొప్పగా చెప్పుకునే వార్త ఉద్యోగి చెవికి కొంచెం వేరుగా వినిపించాలి.

నాకు ఈ లెక్కల మీద ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. నేను చెన్నైలో ఒక స్టార్టప్‌లో మూడేళ్లకు పైగా ఖాతాల విభాగంలో పనిచేశాను. అమ్మకు ఆరోగ్యం బాగాలేక నెల్లూరు తిరిగి రావలసి వచ్చింది. అప్పటికి నా పేరున వెస్ట్ అయిన ఆప్షన్లు, అంటే పనిచేసిన కాలానికి నాకు ఖాయమైనవి, 4,000. ఒక్కోదాన్ని షేరుగా మార్చుకోవడానికి కట్టవలసిన ధర, అంటే ఎక్సర్‌సైజ్ ధర, రూ.100. ఉద్యోగం మానితే 90 రోజుల్లో మార్చుకోవాలి, లేదంటే రద్దు. ఆ షరతు మీద నేనే సంతకం పెట్టాను, చదవకుండా. ఖాతాల మనిషిని!

అప్పటికి షేరు విలువ రూ.700 అని మర్చంట్ బ్యాంకరు లెక్క కట్టాడు. మన ఆదాయపు పన్ను చట్టంలో ఆప్షన్‌ను షేరుగా మార్చుకున్న రోజే, ఆ విలువకూ మనం కట్టిన ధరకూ ఉన్న తేడాను జీతంగా లెక్కిస్తారు. అమ్మలేదు, రూపాయి చేతికి రాలేదు, అయినా పన్ను కట్టాలి. నాలుగు వేలూ తీసుకోవాలంటే షేర్లకు 4 లక్షలు, 24 లక్షల ‘ఆదాయం’ మీద ఏడున్నర లక్షల దాకా పన్ను. అంత లేక సగం తీసుకున్నాను. రెండు లక్షలు షేర్లకు, సుమారు 3.7 లక్షలు పన్నుకు. రెండేళ్ల తర్వాత ఆ కంపెనీ తాను తెచ్చుకున్న పెట్టుబడి కంటే తక్కువకు అమ్ముడుపోయింది. మామూలు షేర్లకు సున్నా. కట్టిన పన్ను తిరిగి రాదు. నష్టాన్ని మూలధన నష్టంగా చూపించుకోవచ్చు, కానీ అది మూలధన లాభాల మీదే సర్దుబాటు అవుతుంది, జీతం మీద కాదు. ఎనిమిదేళ్ల లోపు అలాంటి లాభం ఉంటే సరి. నాకు ఎక్కడి లాభాలు?

ఈ పన్నును వాయిదా వేసుకునే వెసులుబాటును 2020 బడ్జెట్టులో తెచ్చారు. కానీ అది ప్రత్యేక ధ్రువీకరణ పొందిన స్టార్టప్‌ల ఉద్యోగులకే వర్తిస్తుంది. ప్రభుత్వం దగ్గర స్టార్టప్‌గా పేరు నమోదైనంత మాత్రాన సరిపోదు. పైగా ఉద్యోగం మానితే వాయిదా అక్కడితో ఆగి, పన్ను వెంటనే మీద పడుతుంది. అవసరమైన రోజునే గొడుగు ముడుచుకున్నట్టు. కాబట్టి మేనల్లుడి చేత మూడో ప్రశ్నగా ‘మానేశాక ఎన్నాళ్లు గడువు?’ అని అడిగించాను. 90 రోజులు అన్నారు. కొన్ని కంపెనీలు ఐదేళ్లు, పదేళ్లు కూడా ఇస్తున్నాయి. దానివల్ల కంపెనీ ఖజానాలోంచి పోయేదేమీ లేదు. ఉద్యోగికి మాత్రం కంపెనీ అమ్ముడుపోయేదాకా ఆగి, డబ్బు వచ్చిన రోజే పన్ను కట్టే వీలు దొరుకుతుంది.

ఎక్సర్‌సైజ్ ధర కూడా చూశాను. అతనికి రూ.10 మాత్రమే, మొత్తం లక్షా ఇరవై వేలు. అది మంచిదే. ఇదే 150 ఉంటే, లేఖలోని 24 లక్షలు నిజానికి ఆరు లక్షలే. కొన్ని లేఖల్లో ఈ తీసివేత చేయకుండానే విలువ వేస్తారు.

ఇక అసలు లెక్క. ఈ ఆప్షన్లను ఈ రోజు ఎంతగా అనుకోవాలి? భవిష్యత్తు ఎవరికీ తెలియదు కాబట్టి, నాలుగు దారులు ఊహించి, ఒక్కోదానికి ఎంత అవకాశం ఉందో రాసి, గుణించి కలపడమే నాకు తెలిసిన పద్ధతి. కింది శాతాలు నా ఊహలే. అవి నచ్చనివారు తమవి వేసుకోవచ్చు.

నూటికి అరవై పాళ్లు కంపెనీ మూతపడుతుంది, లేదా పెట్టుబడిదారులు పెట్టినది తీరేంత ధర కూడా రాదు. అప్పుడు సున్నా. నూటికి ఇరవై పాళ్లు ఇంకో రౌండు దొరకక, రెండు మూడేళ్లలో 60 కోట్లకు ఏ పెద్ద మేత కంపెనీయో కొంటుంది. చివరి రౌండువాళ్లు తమ 24 కోట్లు తీసుకున్నాక మిగిలిన 36 కోట్లలో అతనికి తొమ్మిది లక్షలు. నూటికి పదిహేను పాళ్లు ఇందాకటి 500 కోట్ల కథ, 24 లక్షలు. నూటికి అయిదు పాళ్లు కంపెనీ నిజంగా ఎదిగి 3,000 కోట్లవుతుంది. అప్పుడు అందరూ మామూలు షేర్లుగా మార్చుకుంటారు, అతని 0.106 శాతానికి 3.18 కోట్లు.

గుణించి కలిపితే: సున్నా, 1.8, 3.6, 15.9. మొత్తం 21 లక్షల చిల్లర. మేనల్లుడు కళ్లు మెరిపించి, “24కు దగ్గరే కదా మామయ్యా” అన్నాడు. దగ్గరే. కానీ ఆ 21లో దాదాపు 16 లక్షలు ఇరవైలో ఒక్క వంతు అవకాశం నుంచి వచ్చింది. ఆ అయిదు పాళ్లను నేను రెండు చేసి, మిగిలిన మూడూ సున్నా వైపు వేస్తే మొత్తం 12 లక్షలకు పడిపోతుంది. అయిదా, రెండా అన్నది నాకు గానీ అతనికి గానీ ఆ కంపెనీ పెట్టినవాళ్లకు గానీ తెలియదు. అంటే ఈ లెక్క మొత్తం ఎవరికీ తెలియని ఒక్క అంకె మీద నిలబడి ఉంది.

ఇంకా దింపవలసినవి ఉన్నాయి. మూడో వంతు దాకా పన్నుకూ ఎక్సర్‌సైజ్ ధరకూ పోతుంది, 14 లక్షలు మిగులుతాయి. వచ్చేది ఏడేళ్ల తర్వాత. ఎనిమిది శాతం వడ్డీ వచ్చే డబ్బు ఏడేళ్లలో ఒకటికి 1.7 అవుతుంది కాబట్టి, ఈనాటి లెక్కలో అది ఎనిమిది లక్షలు. ఎదురుగా జీతం తేడా ఏడాదికి అయిదు లక్షలు. ఇప్పటి శ్లాబుల ప్రకారం పన్ను పోయాక ఏటా మూడు ముప్పావు లక్షలు, నాలుగేళ్లకు 15 లక్షలు. అదీ నెలనెలా చేతికొచ్చేది. మధ్యలో మానేస్తే రెండు వైపులా ఒకే దామాషాలో తగ్గుతాయి కాబట్టి పోలిక పెద్దగా మారదు. మన చట్టం ప్రకారం ఆప్షన్లు ఇచ్చిన రోజుకూ మొదటి వెస్టింగ్‌కూ మధ్య కనీసం ఏడాది ఉండాలి. ఆ ఏడాది లోపు మానితే మాత్రం తేడా మొత్తం నష్టమే.

అప్పుడు బావ ఒక మాట అన్నాడు. నేను చాలా రోజులుగా చెప్పాలనుకుని చెప్పలేకపోయినది అదే. “నాకూ తెల్లమచ్చ రోగం వచ్చి గుంట మొత్తం పోయిన పంటలున్నాయి. కానీ ఏడాదికి రెండు పంటలు వేస్తాను. ఇరవై ఏళ్లలో నలభై. ఒకటి పోతే ఇంకొకటి తెస్తుంది. నాకు సగటు లెక్క పనికొస్తుంది. వీడు ఎన్ని పంటలు వేస్తాడు?”

పెట్టుబడిదారుడు ముప్పై, నలభై కంపెనీల్లో డబ్బు పెడతాడు. పాతిక పోయినా ఒకటి గెలిస్తే అతనికి సగటు చేతికి వస్తుంది. ఉద్యోగి నాలుగేళ్లకు ఒక్క కంపెనీలోనే ఉంటాడు. ఎనిమిది లక్షలన్నది అతనికి ఎప్పుడూ రాని అంకె. వస్తే సున్నా, లేదా తొమ్మిది, లేదా 24, లేదా మూడు కోట్లు. అందులో ఎక్కువ పాళ్లు సున్నాకే. అందుకే పెట్టుబడిదారుడి నోటి నుంచి వచ్చిన సగటు మాటను ఉద్యోగి అలాగే తీసుకోకూడదని నా అభిప్రాయం. ఎనిమిదిని ఎనిమిదిగా చూడటమే ఉదారం. ఇంటి అప్పు, చెల్లెలి చదువు మీద పడి ఉన్నవాడైతే నేను దాన్ని నాలుగుగా చూడమంటాను. మా మేనల్లుడికి అలాంటి భారాలు లేవు. బావ గుంటలు బాగానే ఉన్నాయి, కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు. కాబట్టి ఎనిమిది దగ్గర ఆగాం.

దీనికి ఎదురు వాదన నాకు తెలియనిది కాదు. ‘అలా లెక్కలు వేసుకుంటే ఎవరూ స్టార్టప్‌లో చేరరు, మొదట్లో చేరి కోటీశ్వరులైనవాళ్లు లేరా’ అంటారు. ఉన్నారు. నా లెక్కలో వాళ్లే ఆ అయిదు పాళ్లు. వాళ్లను కాదనను. పని నేర్చుకోవడానికి, నచ్చిన పని చేయడానికి చేరేవాళ్లనూ కాదనను. మేనల్లుడికి ఆ పరికరాల మీద ఉన్న మోజు నిజమైనది. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు పడిపోతే ఏరేటర్లు వేయడానికి నాన్న లేచి పరుగెత్తడం చూస్తూ పెరిగాడు. ఆ మోజుకు అతను ఏడాదికి ఒక లక్ష ధర కడితే అది అతని ఇష్టం. నేను ఒప్పుకోనిది ఒక్కటే, ఆ ధరను ‘రూ.24 లక్షల విలువ’ అనే పేరు కింద దాచడం.

అతను కంపెనీ పెట్టినాయనకే నేరుగా రాశాడు. లెక్క మొత్తం పంపలేదు, అంత అవసరం లేదు. జీతం తేడా ఇంత ఉంటే రాలేను, ఆప్షన్లు కొన్ని తగ్గించుకున్నా జీతం పెంచండి, మానేశాక గడువు పెంచండి అని మూడు వాక్యాలు. వారంలో కొత్త లేఖ వచ్చింది. జీతం 16 లక్షలు, ఆప్షన్లు 10,000, గడువు ఐదేళ్లు. నాలుగేళ్లలో పన్ను పోయాక తేడా ఆరున్నర లక్షలు. పది వేల ఆప్షన్లు నా లెక్కలో ఆరున్నరకు కొంచెం పైన.

రెండు పళ్లాలూ సమానంగా నిలబడ్డాయి. బావకు ఫోన్ చేసి చెప్పాను. పట్టుబడి జరుగుతోంది, వెనకనుంచి మోటార్ల హోరు. “అరవై లక్షల్లో పది వేలా?” అని ఒకసారి అడిగి, అవునన్నాక, “సరే, వాడికే వదిలెయ్” అని పెట్టేశాడు. మేనల్లుడు ఒకటో తారీఖున చేరాడు. కొత్త లేఖలోనూ ‘ప్రస్తుత విలువ రూ.20 లక్షలు’ అని లావు అక్షరాల్లోనే ఉంది. దాని పక్కన అతను పెన్నుతో 0.167 అని రాసుకున్నాడు.